పిండికట్టు కింద మొదటి రాత్రి

నర్సింగ్ కాలేజీలో లెసన్ ప్లాన్ అంటే ఒక పట్టిక. సమయం, లక్ష్యం, విషయం, టీచరు చేసే పని, విద్యార్థులు చేసే పని, మూల్యాంకనం అని గళ్లు గీసి ఉంటాయి. ‘పిండికట్టు వేసిన రోగి సంరక్షణ’ అనే పాఠానికి చాలాచోట్ల ఆ గళ్లు ఒకే తీరుగా నిండుతాయి. ముందు నిర్వచనం, తర్వాత కట్లలో రకాలు, ఉపయోగాలు, వచ్చే చిక్కులు, చిట్టచివర ఐదు ‘పీ’లు. నొప్పి, పాలిపోవడం, పల్స్ అందకపోవడం, తిమ్మిరి, కదలిక పోవడం అనే ఈ ఐదు లక్షణాల పేర్లూ ఇంగ్లిష్‌లో ఒకే అక్షరంతో మొదలవుతాయి కాబట్టి ఆ పేరు. పరీక్షలో తప్పకుండా అడుగుతారు. పిల్లలు గడగడా అప్పజెబుతారు.

ఆ జాబితా తప్పు కాదు. కానీ ఐదింటినీ పక్కపక్కన ఒకే బరువుతో నిలబెడుతుంది. మంచం దగ్గర అవి ఒకేసారి రావు, వాటి మధ్య గంటల తేడా ఉంటుంది. నొప్పి దగ్గరే మేలుకుంటే కాలు దక్కుతుంది. పల్స్ పోయి, వేళ్లు చచ్చుబడేదాకా చూస్తూ కూర్చుంటే, ఆ తర్వాత ఎంత పెద్ద సర్జన్ వచ్చినా పోయిన కండరాన్ని తిరిగి తేలేడు. అందుకే ఈ పాఠాన్ని నేను జాబితా పట్టుకుని కాకుండా గడియారం పట్టుకుని చెబుతాను. కట్టు వేసిన క్షణం నుంచి తెల్లారేదాకా నర్సు ఏ గంటకు ఏం చూడాలన్నదే పాఠం.

మొదటి అరగంట తడి కట్టుది. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పొడి పట్టించిన గుడ్డచుట్టలను నీళ్లలో ముంచి కట్టే పద్ధతిని 1852లో డచ్ సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాథైసెన్ వెలుగులోకి తెచ్చాడు. ఫైబర్ గ్లాస్ కట్లు వచ్చినా, మన ప్రభుత్వాసుపత్రుల్లో ఇప్పటికీ ఎక్కువగా వాడేది ఆ పాత పద్ధతే. క్లాసులో ఇద్దరు విద్యార్థినుల ముంజేతులకు దూదిపొర చుట్టి, దాని మీద సగం కట్టు మాత్రమే వేస్తాం. చేతికి ఒకవైపే ప్లాస్టర్ పలక ఆనించి, పైన గుడ్డ చుట్టేస్తే చాలు, విప్పడం తేలిక. కాసేపటికి ఆ పిల్లలే చెబుతారు: “మేడమ్, వేడెక్కుతోంది.” పొడి నీటితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. నీళ్లు ఎంత వేడిగా ఉంటే ఆ వేడి అంత ఎక్కువ. రోగికి ఈ సంగతి ముందే చెప్పకపోతే కంగారుపడతాడు. తడి కట్టును దుప్పటితో కప్పినా, రెక్సిన్ తొడుగున్న దిండు మీద పెట్టినా వేడి బయటికి పోదు, చర్మం కాలే ప్రమాదం ఉంది.

కట్టు నిమిషాల్లో గట్టిపడుతుంది కానీ లోపలిదాకా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. తొడ దాకా వేసిన పెద్ద కట్టయితే మూడు రోజులు కూడా పట్టొచ్చు. అప్పటిదాకా దాన్ని అరచేతులతోనే ఎత్తాలి. వేలికొసలతో పట్టుకుంటే అక్కడ సొట్ట పడుతుంది. ఆ సొట్ట లోపలి వైపు బుడిపెగా మారి, రోజుల తరబడి చర్మాన్ని ఒకేచోట నొక్కి పుండు చేస్తుంది. ఆరిందో లేదో చెప్పడం కష్టం కాదు. తడి కట్టు బూడిదరంగులో, చల్లగా ఉంటుంది, తడితే మొద్దుగా శబ్దం వస్తుంది. ఆరినది తెల్లగా ఉండి ఖంగుమంటుంది. ఈ భాగం పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది, అందుకే దీనిమీద ఎక్కువసేపు ఉండను.

అసలు పాఠం వేళ్ల దగ్గర మొదలవుతుంది. కట్టు వేసిన కాలిలో నర్సుకు బయటికి కనిపించేది వేళ్లే. కట్టు లోపల రక్తం సరిగా పారుతోందా, నరాలు పనిచేస్తున్నాయా అన్నది ఆ కాస్త చోటు చూసే తేల్చుకోవాలి. ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టి, ఒకరు నర్సు, ఒకరు రోగి అని చేయిస్తాను. ముందుగా కట్టు లేని కాలిని చూడాలి, ఆ మనిషికి మామూలు ఏమిటో అదే చెబుతుంది. తర్వాత రెండు కాళ్ల వేళ్ల రంగు, వెచ్చదనం, వాపు పోల్చాలి. బొటనవేలి గోరు నొక్కి వదిలితే తెల్లబడ్డ చోట 2 సెకన్లలోపు ఎరుపు తిరిగి రావాలి. వేళ్లు నీలంగా, ఉబ్బుగా ఉంటే రక్తం వెనక్కి పోలేకపోతోందని, తెల్లగా చల్లగా ఉంటే రక్తం రాలేకపోతోందని అనుమానించాలి.

స్పర్శ దగ్గర అందరూ ఒకే పొరపాటు చేస్తారు. దూదితో తాకుతూ “తెలుస్తోందా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు మన పేషెంట్లలో పదిమందికి తొమ్మిదిమంది “ఆఁ, తెలుస్తోంది సిస్టర్” అనేస్తారు. కళ్లు మూసుకోమని చెప్పి, “ఎప్పుడు ముట్టుకున్నానో చెప్పండి, ఏ వేలో చెప్పండి” అని అడగాలి. ఎక్కడ ముట్టుకోవాలన్నదీ ముఖ్యమే. కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య సందు పైభాగం ఒక నరానిది, అరికాలు ఇంకో నరానిది. పాదం, వేళ్లు పైకి లేపితే మొదటి నరం పనిచేస్తున్నట్టు, కిందికి నొక్కితే రెండోది పనిచేస్తున్నట్టు. “వేళ్లు ఆడించండి” అని ఊరుకుంటే ఒకటి చూసి రెండోది వదిలేసినట్టే.

చేతి కట్టులో మూడు నరాలు చూడాలి. చిన్నపిల్లలతో ఇది పెద్ద తంటా, ఏడుస్తూ చెయ్యి ఇవ్వరు. వాళ్లతో రాయి, కాగితం, కత్తెర ఆట ఆడించాలి. పిడికిలి బిగిస్తే మీడియన్ నరం, అరచెయ్యి చాపి వేళ్లు వెనక్కి నిటారుగా పెడితే రేడియల్ నరం, కత్తెరలాగా రెండు వేళ్లు విడదీస్తే అల్నార్ నరం. చివర్లో బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టమనాలి, మీడియన్ నరంలోంచి చీలిన ఒక కొమ్మను చూపే గుర్తు అది. ఈ ఆట తరగతిలో ఒక్కసారి ఆడితే చాలు, ఇక మరిచిపోరు.

ఈ పరీక్షంతా మొదటి 24 గంటలూ గంటకోసారి చేయాలి, అంతా సవ్యంగా ఉంటే తర్వాత 4 గంటలకోసారి. కట్టు వేసిన వెంటనే మొదటి గంట రెండు గంటలు ఇంకా దగ్గర దగ్గరగా చూసే ఆసుపత్రులూ ఉన్నాయి. డ్యూటీ మారేటప్పుడు వెళ్లే నర్సు, వచ్చే నర్సు ఇద్దరూ కలిసి ఆ కాలిని చూడాలని నేను పట్టుబడతాను. ఎందుకంటే ఒకరి ‘కొంచెం వాపు’ ఇంకొకరి ‘కొంచెం వాపు’తో సమానం కాదు.

ఇప్పుడు తరగతి మొత్తానికీ ఒక కాగితం పంచుతాను. అందులో ఉన్నది కల్పిత రోగి. 24 ఏళ్ల కుర్రాడు, బైకు మీంచి పడి కుడి మోకాలి కింద పెద్దెముక విరిగింది. మత్తిచ్చి ఎముక సరిచేసి, తొడ దాకా కట్టు వేశారు. సాయంత్రం 4 గంటలకు వార్డుకు వచ్చాడు. కాలు రెండు దిండ్ల మీద గుండె కంటే ఎత్తులో ఉంది. నొప్పి పదికి 4, వేళ్లు వెచ్చగా ఉన్నాయి, స్పర్శ, కదలిక బాగున్నాయి. ఇంజెక్షన్ ఇచ్చారు. 5 గంటలకు నొప్పి 3. ఆరింటికి 4. ఏడింటికి 6 అంటున్నాడు, వేళ్లు కాస్త ఉబ్బాయి, ఇంకో ఇంజెక్షన్ అడిగాడు, ట్రమడాల్ ఇచ్చారు. ఎనిమిదింటికి నొప్పి 7, మందు పనిచేయలేదు. “కట్టు బిగుసుకుపోతోంది” అంటున్నాడు. నర్సు బొటనవేలిని మెల్లగా కిందికి వంచితే కట్టు లోపల మోకాలి కింద ముందువైపు నొప్పని కేక పెట్టాడు. గోరు నొక్కితే రంగు 2 సెకన్లలోనే తిరిగి వచ్చింది, వేళ్లు ఎర్రగానే ఉన్నాయి. తొమ్మిదింటికి బొటనవేలి సందులో చీమలు పాకినట్టుందన్నాడు, వేలు పైకి లేపడం కష్టమవుతోంది. పదకొండింటికి వేళ్లు పాలిపోయి చల్లబడ్డాయి, కదలిక లేదు.

డాక్టర్ని పిలవాల్సిన గంట దగ్గర ఎర్రగీత గీయమంటాను. ఏటా ఎక్కువ గీతలు తొమ్మిది దగ్గరే పడతాయి. కొన్ని పదకొండు దగ్గర పడతాయి. ఎనిమిది దగ్గర గీసేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లను ఎందుకు ఆగారని అడిగితే ఒకటే జవాబు: “వేళ్లు ఎర్రగా, వెచ్చగా ఉన్నాయి కదా మేడమ్, రక్తం పారుతున్నట్టే కదా.”

ఈ జవాబును విప్పి చూపడం కోసమే మిగతా పాఠమంతా. మోకాలి కింద కండరాలు నాలుగు గదులుగా ఉంటాయి. గదుల గోడలు గట్టి పొరలు, సాగవు. ఎముక విరిగి రక్తం కారి, కండరం వాచితే గదిలో ఒత్తిడి పెరుగుతుంది. చుట్టూ కట్టు ఉంటే ఆ వాపుకు బయటికి దారే లేదు. మామూలుగా ఆ గదిలో ఒత్తిడి 10 కంటే తక్కువే, బీపీ కొలిచే మిల్లీమీటర్లలోనే. ఈ కుర్రాడి బీపీ 120/70 అనుకోండి. గదిలో ఒత్తిడి 45కి చేరిందనుకుంటే, కింది అంకె 70కీ దానికీ తేడా 25 మాత్రమే. ఆ తేడా 30 కంటే తగ్గితే కండరానికి రక్తం అందించే సన్నని నాళాలు మూసుకుపోతున్నట్టు లెక్క. కానీ పెద్ద ధమనిలో రక్తం 120 ఒత్తిడితో దూసుకుపోతుంటుంది. 45 దాన్ని ఆపలేదు. కాబట్టి పాదం దాకా పల్స్ ఆడుతూనే ఉంటుంది, వేళ్లు ఎర్రగానే ఉంటాయి, గోటి పరీక్ష చక్కగా వస్తుంది. లోపల కండరం మాత్రం చచ్చిపోతుంటుంది. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. పల్స్ పోయేసరికి చాలావరకు నష్టం జరిగిపోయి ఉంటుంది.

రక్తం చాలక విలవిల్లాడే కండరాన్ని సాగదీస్తే భరించలేని నొప్పి వస్తుంది. బొటనవేలిని పైకి లేపే కండరం ముందు గదిలో ఉంది. నర్సు వేలిని కిందికి వంచినప్పుడు సాగింది అదే, అందుకే నొప్పి ముందువైపు వచ్చింది. ఆ గదిలోంచి పోయే నరమే బొటనవేలి సందుకు స్పర్శనిస్తుంది, కనుక తొమ్మిదింటికి తిమ్మిరి అక్కడ మొదలైంది. కాగితం మీద వేర్వేరుగా కనిపించిన లక్షణాలు ఒకే గదిలోవని తెలిశాక పిల్లల మొహాలు మారతాయి. కండరానికి రక్తం అందక సుమారు 6 గంటలు దాటితే కోలుకోలేని నష్టం మొదలవుతుంది. ఎనిమిది గీతకూ పదకొండు గీతకూ మధ్య ఉన్న మూడు గంటలకు అంత విలువ.

అయితే నొప్పి పెరిగిన ప్రతివాడికీ ఇదే జబ్బని కాదు. విరిగిన ఎముక నొప్పి పెట్టక మానదు. తేడా నొప్పి నడకలో ఉంది. కట్టు వేసి, ఎముక కదలకుండా చేశాక, మందు ఇచ్చాక నొప్పి తగ్గుముఖం పట్టాలి. మందు ఇచ్చినా ఎక్కుతోందంటే, ఇచ్చిన మోతాదు చాలలేదని కాకుండా కట్టు కింద ఏదో జరుగుతోందని ముందు అనుకోవాలి. అందుకే ఏడింటికే పరీక్షలు పావుగంటకోసారి మొదలుపెట్టాలి, ఎనిమిదింటికి ఇక ఆగకూడదు.

పిలవడం కూడా నేర్పాల్సిన విద్యే. రాత్రి డ్యూటీలో కొత్త నర్సు ఫోన్ చేసి “సార్, పేషెంట్‌కి నొప్పిగా ఉందట” అంటే, “ఇంకో ఇంజెక్షన్ ఇవ్వండి” అన్న జవాబే వస్తుంది. తప్పు పూర్తిగా అవతలివాళ్లది కాదు, వాళ్లకు అందిన సమాచారం అంతే. అందుకే క్లాసులో ఫోన్ పట్టుకుని పలికిస్తాను: “సార్, ఆరో బెడ్డు, కుడి కాలు పెద్దెముక విరిగి తొడ దాకా కట్టు, నాలుగింటికి వచ్చాడు. ఏడింటికి ట్రమడాల్ ఇచ్చాక కూడా నొప్పి ఆరు నుంచి ఏడుకి పెరిగింది. బొటనవేలు కిందికి వంచితే అరుస్తున్నాడు. కంపార్ట్‌మెంట్ సిండ్రోమేమోనని అనుమానంగా ఉంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. కట్టర్ సిద్ధంగా పెట్టాను.” ఫోన్ ఎత్తకపోతే పై డాక్టరుకి చెయ్యాలి, చేసిన సమయం కేస్‌షీటులో రాయాలి. మొదట్లో చాలామంది గొంతు పెగలదు. మూడోసారికి దారిలో పడతారు.

డాక్టరు వచ్చేలోపు నర్సు చేయాల్సిన పనుల్లో ఒకటి పిల్లలకు మింగుడుపడదు. ఇంతసేపూ ఎత్తులో పెట్టమన్న కాలిని ఇప్పుడు గుండెకు సమానమైన ఎత్తుకు దించాలి. మామూలు వాపుకు ఎత్తు మంచిదే, కానీ ఇక్కడ ఎత్తిపెడితే కాలికి చేరే రక్తపు ఒత్తిడి ఇంకా తగ్గుతుంది, మనం లెక్కగట్టిన ఆ తేడా మరింత కుంచించుకుపోతుంది. బీపీ పడిపోయినా అంతే, కాబట్టి బీపీ చూస్తూ ఉండాలి. ఐసు పెట్టకూడదు. ఆపరేషన్ అవసరపడొచ్చు గనుక నోటికి ఏమీ ఇవ్వకూడదు.

కట్టును పైనుంచి కిందిదాకా చీల్చాలి. ప్లాస్టర్ ఒక్కటే కోస్తే సరిపోదు. లోపలి దూదిపొర రక్తంతో తడిసి ఎండితే అదే బిగుసుకుపోతుంది. చర్మం కనిపించేదాకా ప్రతి పొరా కోయాలి. ఎముక కదిలిపోతుందేమోనని వెనకాడేవాళ్లుంటారు. కదిలిన ఎముకను రేపు మళ్లీ సరిచేయవచ్చు. చీల్చాక అరగంటలోపు మళ్లీ చూడాలి. నొప్పి తగ్గకపోతే థియేటర్‌కే. చర్మాన్నీ ఆ గట్టి పొరనూ పొడవునా కోసి గదులను తెరుస్తారు, గాయాన్ని కొన్ని రోజులు తెరిచే ఉంచి, వాపు తీశాక మూస్తారు. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, కానీ కాలు మిగులుతుంది.

సమయం దాటితే ఏమవుతుందో 1881లోనే జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫోన్ వోల్క్‌మన్ వివరించాడు. బిగుతు కట్ల వల్ల రక్తం అందక ముంజేతి కండరాలు చచ్చి, ముడుచుకుపోయి, వేళ్లు గోళ్లలా వంకరపోతాయి. ఆ స్థితికి ఇప్పటికీ ఆయన పేరే. ఎక్కువగా దీని బారిన పడేది చెట్టు మీంచో గోడ మీంచో పడి మోచేతి పైన ఎముక విరగ్గొట్టుకున్న పిల్లలు. వెదురుబద్దలతో బిగించిన నాటుకట్టుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. కట్టు ఎవరు వేశారన్నదాన్ని బట్టి కండరం మినహాయింపు ఇవ్వదు.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. నొప్పి మీద ఆధారపడే పద్ధతి నొప్పి చెప్పలేనివాళ్ల దగ్గర ఓడిపోతుంది. తలకు దెబ్బ తగిలి స్పృహలో లేనివాడు, నడుముకు మత్తు ఇంకా దిగనివాడు, మద్యం తాగి పడ్డవాడు, మాటలు రాని పసివాడు, వీళ్లందరూ ఆ కోవలోవాళ్లే. పసిపిల్లల్లో నొప్పి అంకె అడగలేం, కాబట్టి మూడు చూడమంటాను: కారణం తెలియని బెదురు, ఊరుకోబెట్టలేని చిరాకు, పదేపదే నొప్పిమందు అవసరం కావడం. తల్లి “వీడు ఇలా ఎప్పుడూ ఏడవలేదమ్మా” అంటే ఆ మాటను చార్టులో రాయాలి. అనుమానం తీరకపోతే గదిలోకి సూది గుచ్చి నేరుగా ఒత్తిడి కొలిచే సదుపాయం కొన్ని ఆసుపత్రుల్లో ఉంది.

మూల్యాంకనం గడిలో నేను ఐదు ‘పీ’లు అడగను. వారం తర్వాత ప్రతి విద్యార్థినినీ వార్డులో నిజమైన కట్టు ముందు నిలబెట్టి పరీక్ష చేయిస్తాను, చార్టు రాయిస్తాను. ‘వేళ్లు బాగున్నాయి’ అని రాస్తే సున్నా. ఏ వేలు, ఏ రంగు, ఎన్ని సెకన్లు, నొప్పి ఎంత, వంచితే ఏమైంది, ఇవన్నీ ఉండాలి. తర్వాత ఆమె రోగి ఇంటివాళ్లకు జాగ్రత్తలు చెప్పాలి, నేను వెనక నిలబడి వింటాను. దురద పుడితే పుల్ల, స్కేలు, పిన్నీసు లోపలికి దూర్చకూడదు, పౌడరు పోయకూడదు, ఆ గీతలే పుండ్లవుతాయి. తడవకూడదు. కట్టు మీద ఎక్కడైనా మరక కనిపిస్తే దాని అంచు చుట్టూ పెన్నుతో గీసి సమయం రాయాలి, పెరుగుతోందో లేదో తెలుస్తుంది. ఒకేచోట మంట, ఆ చోట వెచ్చదనం, కుళ్లు వాసన వస్తే లోపల పుండు పడ్డట్టే. ఇవి తెలిసేసరికి రోజులు పడుతుంది, వాటికి పగటిపూట వెళ్లినా సరిపోతుంది.

మొదటి రెండు రోజుల సంగతి వేరు. మీ ఇంట్లో ఎవరికైనా కట్టు వేసి అదే రోజు పంపేస్తే, ఆ రాత్రి నిద్రపోయే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి లేపి చూడండి. మందు వేసినా నొప్పి పెరుగుతోందా, వేళ్లు మెల్లగా వంచితే లోపల విపరీతంగా నొప్పి వస్తోందా, తిమ్మిరి మొదలైందా, వేళ్లు కదలడం తగ్గిందా, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంకో మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోకండి. దగ్గర్లో క్యాజువాలిటీ ఉన్న ఆసుపత్రికి వెళ్లి, మందు వేసినా నొప్పి పెరుగుతోందని, కట్టు విప్పి చూడమని అడగండి.